కౌలు రైతుల డాక్యుమెంటరీకి పేరు, పరిచయం, వయసు సూచన: ఎలా రాయాలి?

నెలల తరబడి ఊళ్లు తిరిగి తీసిన చిత్రానికి పేరు, పరిచయ వాక్యాలు, ముఖచిత్రం, వయసు సూచన మాత్రం చాలాసార్లు చివరి రాత్రి హడావుడిలో పడుతుంటాయి. ఎడిటింగులో ఎంతో మర్యాదగా చూపిన మనిషి గురించి ఆ తొందరలో "కన్నీళ్లు ఆపుకోలేరు" అని రాసేస్తారు. చిత్రం కంటే ముందు జనానికి చేరేది ఆ వాక్యమే, వీడియో తెరవని వాళ్లకు చేరేది అదొక్కటే. కాబట్టి ఈ పనికి కనీసం ఒక పూట విడిగా కేటాయించండి.

పని వివరంగా అర్థం కావడానికి ఒక చిత్రాన్ని ఊహించుకుందాం. నిడివి 42 నిమిషాలు. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే మూడు కౌలు కుటుంబాల కథ. అందులో ఒక ఇంట్లో భర్త ఆత్మహత్య చేసుకున్నారు. భార్య అదే పొలాన్ని మళ్లీ కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. వాళ్లకు పదేళ్ల కూతురు. ఈ చిత్రాన్ని యూట్యూబ్‌లో పెట్టాలి, కాలేజీల్లో కూడా ప్రదర్శించాలి.

ముందు సమయాల పట్టిక

రాయడానికి కూర్చునే ముందు చిత్రాన్ని ఒకసారి పెన్ను, కాగితం పెట్టుకుని చూడండి. తీసినవాళ్లు కాకుండా, చిత్రాన్ని మొదటిసారి చూసే స్నేహితులు పక్కన ఉంటే ఇంకా మంచిది. తీసినవాళ్లకు ఆ సన్నివేశాలు అలవాటైపోయి ఉంటాయి, ఏది ఎంత బరువుగా తగులుతుందో తెలియదు. కాగితం మీద నాలుగు విషయాలే నమోదు చేయండి: ఎన్నో నిమిషం, ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, తెర మీద పిల్లలు ఉన్నారా.

మన చిత్రంలో ఈ పట్టికకు ఎక్కేవి రెండే. 17:20 నుంచి 19:05 వరకు భార్య ఆ రోజు జరిగింది చెబుతారు. తెర మీద ఆమె ముఖం, ఇంటి అరుగు తప్ప ఏమీ లేవు. కానీ ఆయన తాగిన మందు పేరు, అది ఎక్కడ ఉంచారో ఆమె మాటల్లో వస్తుంది. కూతురు పక్కనే కూర్చుని వింటూ ఉంటుంది. రెండోది 26:40 దగ్గర. అప్పు ఇచ్చిన వ్యక్తి వాకిట్లో నిలబడి బూతులు తిడతాడు, అర నిమిషం. మిగతా నలభై నిమిషాలూ విత్తనం, వాన, వడ్డీ, పంట. ఈ పట్టిక చేతిలో ఉంటే "చిత్రమంతా విషాదమే" అనే భావన కాస్త సడలుతుంది, వయసు ప్రశ్నకు సూటిగా జవాబు దొరుకుతుంది.

వయసును తేల్చేది ఏది?

కష్టం అనే విషయం వల్లనే చిత్రం పెద్దలకు మాత్రమే అయిపోదు. ఇలాంటి కష్టం మధ్యే పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. ఆ చిత్రంలోని కూతురే పదేళ్ల పిల్ల. వయసును నిర్ణయించేది ఆ కష్టాన్ని ఎలా చూపారన్నది, అందులోనూ అన్నింటికంటే బరువైన ఒకటి రెండు నిమిషాలు.

మన దేశంలో దీనికి రెండు వ్యవస్థలు కొలబద్దలుగా పనికొస్తాయి. థియేటర్లో ప్రదర్శించే సినిమాలకు సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్లలో యూఏను 2023 సవరణ చట్టం మూడుగా విడదీసింది: 7+, 13+, 16+. ఓటీటీ వేదికలకు 2021 ఐటీ నిబంధనలు దాదాపు ఇవే మెట్లు పెట్టాయి. వయసుతో పాటు చిత్రంలో ఏముందో చెప్పే చిన్న వివరణ కూడా ఉండాలన్నాయి. సందర్భం, ఇతివృత్తం, చూపిన తీరు, ఎవరి కోసం తీశారన్నవి చూడమన్నాయి. పిల్లలు అనుకరించే ప్రమాదం ఉన్న పనులు, ఆత్మహత్యతో సహా, చూపితే పై మెట్టులో పెట్టాలన్నాయి. మీ చిత్రం సొంత ఛానెల్లోనే ఉన్నా ఈ ఆలోచనా క్రమాన్ని అరువు తెచ్చుకోండి.

మన చిత్రాన్ని ఈ క్రమంలో చూద్దాం. 26వ నిమిషంలోని తిట్లు 13+కు సరిపోతాయి. చిక్కంతా 17వ నిమిషంలో ఉంది. ఒక మహిళ తన భర్త మరణం గురించి మాట్లాడటం పద్నాలుగేళ్ల పిల్లలు పెద్దల తోడుతో వినదగినదే. మందు పేరు, అది దొరికిన చోటు వినిపించడం మాత్రం వేరే సంగతి. అది సమాచారంగా మారే ప్రమాదం ఉంది. ఆత్మహత్యల గురించి రాసేటప్పుడు పద్ధతిని వివరించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. ఇక్కడ రెండు దారులు. అలాగే ఉంచి 16+ అని రాయడం ఒకటి. ఎడిటర్‌ను అడిగి ఆ రెండు మాటల దగ్గర శబ్దం తీసేసి, సబ్‌టైటిల్లోంచి కూడా తొలగించి, 13+ అని రాయడం రెండోది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ఆమె చెప్పిన దుఃఖంలో ఒక్క అక్షరం తగ్గదు, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చిత్రం అందుతుంది. వయసు సూచన రాసే పని ఇలా కొన్నిసార్లు మిమ్మల్ని ఎడిటింగు టేబుల్ దగ్గరికి తిరిగి పంపుతుంది. అందుకే దీన్ని అప్‌లోడ్ చేసే రాత్రికి వాయిదా వేయకూడదు.

ఇక యూట్యూబ్ సెట్టింగులు. అక్కడ 13, 16 అనే మెట్లు లేవు. ఒక చివర పిల్లల కోసం తయారైన వీడియో, ఇంకో చివర 18 దాటినవారికి మాత్రమే. మధ్యలో మిగతావన్నీ. అప్‌లోడ్ పేజీలో Audience అనే చోట పిల్లల కోసం చేసినది కాదని ఎంచుకోండి. తెర మీద పిల్లలు కనిపించినంత మాత్రాన అది పిల్లల కోసం చేసిన వీడియో కాదు. పొరపాటున అలా గుర్తు పెడితే వ్యాఖ్యలు కూడా మూసుకుపోతాయి. దాని కిందే Age restriction ఉంటుంది. భయం కొద్దీ 18 అని పెట్టేయకండి. పెడితే లాగిన్ అయిన పెద్దలకు మాత్రమే చిత్రం కనిపిస్తుంది, ఇతర వెబ్‌సైట్లలో పొందుపరిస్తే చాలాచోట్ల ఆడదు. ఇంటర్ చదివే పిల్లలకు, ఇంట్లో ఎవరి ఫోనులోనో లాగిన్ లేకుండా చూసే పల్లె ప్రేక్షకులకు తలుపు మూసుకుపోతుంది. మృతదేహం, గాయాలు, ప్రాణం పోతున్న క్షణం లాంటివి తెర మీద ఉంటే 18 పెట్టాల్సిందే. మన చిత్రంలో అవేవీ లేవు. కాబట్టి ఆ తాళం వేయకుండా, 13+ అనే సూచనను మాటల్లో చెప్పాలి. వేదిక ఇవ్వని మధ్య మెట్టును మన వాక్యాలే కట్టాలి.

పేరు

యూట్యూబ్‌లో పేరుకు 100 అక్షరాల పరిమితి. తెలుగులో గుడులు, కొమ్ములు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి అనుకున్నదానికంటే తక్కువే పడుతుంది. ఫోనులో అందులోనూ సగమే కనిపిస్తుంది. పేరు ఏ హెచ్చరికా లేకుండా ఎవరి కంటనైనా పడుతుంది. అందుకే ఆత్మహత్య అనే మాట పేరులో వద్దు, పరిచయ వాక్యాల కింద రాసే గమనికలో ఉండాలి. "పాసుపుస్తకంలో లేని పేరు: అనంతపురం కౌలు కుటుంబాలపై డాక్యుమెంటరీ" అన్నారనుకోండి, చిత్రం దేని గురించో, ఎక్కడిదో, ఏ రకమో అన్నీ తెలిసిపోతాయి. డాక్యుమెంటరీ అనే మాట పేరులోనే ఉండటం వేదిక పరిశీలకులకు కూడా ఉపయోగం. సున్నితమైన విషయాన్ని ఏ సందర్భంలో చూపారన్నది వాళ్లు వీడియోతో పాటు పేరులోనూ, వివరణలోనూ వెతుకుతారు.

పరిచయ వాక్యాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మన పత్రికా భాషలో రైతు చావుకు తయారుగా ఉన్న మాటల మూట ఒకటుంది: అన్నదాత ఆక్రందన, మరణ మృదంగం, కన్నీటి గాథ, గుండెలు పిండే దృశ్యాలు. రాస్తుంటే చేయి దానంతట అదే అటు పోతుంది. వీటి దోషం ఏమిటంటే, ఇవి చిత్రం గురించి ఒక్క ముక్కా చెప్పవు, చూసేవాళ్లకు ఏం అనిపించాలో ముందే ఆదేశిస్తాయి. మొదటి చిత్తుప్రతి రాశాక అందులోని ప్రతి విశేషణాన్నీ కొట్టేసి, దాని స్థానంలో చిత్రంలో కనిపించే ఒక నిజాన్ని పెట్టండి. ఉదాహరణకు "దయనీయ పరిస్థితుల్లో మగ్గుతున్న కౌలు రైతులు" అని ఉందనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. ఆ సంతకం కోసం తిరిగే దృశ్యం చిత్రంలో ఉంటే, "యజమాని సంతకం దొరకక సాగుదారు కార్డు, దానితో బ్యాంకు రుణం అందని కుటుంబాలు" అని రాయండి. దయనీయం అన్న మాట అవసరమే ఉండదు.

రెండో జాగ్రత్త కారణం గురించి. "అప్పుల బాధ తాళలేక" అన్నది మన వార్తల్లో పాతుకుపోయిన వాక్యం. ఒక మరణాన్ని ఒకే కారణానికి ముడిపెట్టడం సరికాదు. అలాగని అప్పు సంగతే ఎత్తకపోతే చిత్రం చెప్పదలచుకున్న అన్యాయమే మాయమవుతుంది. ఈ రెంటినీ విడివిడి వాక్యాల్లో పెట్టండి. అప్పు, వడ్డీ, రుణం దొరకని తీరు ఆ కుటుంబం బతుకుతున్న స్థితిగా మొదటి పేరాలో పూర్తిగా చెప్పండి. మరణం ప్రస్తావన గమనికలో విడిగా, కారణం జోడించకుండా ఉండనివ్వండి. దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. ఆ కుటుంబం ప్రభుత్వ పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకుని ఉంటే, విచారణ జరుగుతున్నప్పుడు మీరు తొందరపడి రాసిన ఒక కారణం వాళ్లకే ఎదురు తిరగవచ్చు. అది ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోండి.

మూడోది క్రియాపదాల్లో దాక్కుని ఉంటుంది. తహసీల్దారు వచ్చారు, రైతు చనిపోయాడు. బ్యాంకు మేనేజర్ చెప్పారు, ఆమె ఏడ్చింది. ఒకే పేరాలో ఒకరికి గౌరవం, ఇంకొకరికి ఏకవచనం ఇవ్వడం మనకు ఎంత అలవాటంటే చదువుతున్నప్పుడు కూడా కంటికి ఆనదు. రాసినదంతా ఒకసారి క్రియల కోసమే చదివి, ఆ రైతుకూ, ఆయన భార్యకూ "ఆయన, ఆమె, చెబుతారు, చేస్తున్నారు" అని మార్చండి. అభాగ్యురాలు, బాధితురాలు, చనిపోయిన రైతు భార్య అనే గుర్తింపులూ ఇక్కడే తీసేయండి. ఆమె ఇప్పుడు కౌలు రైతు. అలాగే రాయండి.

మృదువుగా రాయడం అంటే దాచిపెట్టడం అనుకోకండి. "జీవితంలోని ఒడిదుడుకులు", "ఒక అనుకోని ఘటన" అని రాస్తే, ఇంట్లో ఇలాంటి మరణం చూసిన మనిషి ఏమీ తెలియకుండా 17వ నిమిషంలోకి అడుగు పెడతారు. ఆ మాటను గమనికలో ఒక్కసారి, స్పష్టంగా చెప్పి వదిలేయాలి. మొత్తం కలిపితే ఇలా ఉంటుంది:

"పొలం దున్నేది ఒకరు, పాసుపుస్తకంలో పేరు ఇంకొకరిది. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే మూడు కౌలు కుటుంబాలు ఒక ఖరీఫ్‌ను ఎలా దాటాయో ఈ చిత్రం చూపుతుంది. నోటిమాట కౌలుతో బ్యాంకు రుణం, పంట పరిహారం ఎక్కడ ఆగిపోతాయో వాళ్లే చెబుతారు.

గమనిక: 13 ఏళ్లు దాటినవారికి, పెద్దల తోడుతో. 17:20 నుంచి 19:05 వరకు ఒక కౌలు రైతు తన భర్త ఆత్మహత్య గురించి మాట్లాడతారు. ఆ ఘటన దృశ్యాలు లేవు. 26:40 దగ్గర అర నిమిషం తిట్లు వినిపిస్తాయి. మాట్లాడే తోడు కావాలంటే టెలి మానస్ 14416, ఉచితం, రోజంతా."

"దృశ్యాలు లేవు" అన్న చిన్న వాక్యాన్ని మరచిపోకండి. ఏముందో చెప్పడంతో పాటు ఏం లేదో చెబితే, చూద్దామా వద్దా అని తటపటాయించే వాళ్లకు ఎంతో తేలికవుతుంది. వివరణలో మొదటి రెండు మూడు పంక్తులే మడత విప్పకుండా కనిపిస్తాయి. కాబట్టి మొదటి పేరాను ఇంకా కుదించగలిగితే కుదించండి, గమనిక మొదలు పైకి వస్తుంది. జిల్లా పేరు చాలు, ఊరి పేరు వద్దు. కూతురి పేరు, బడి పేరు అసలే వద్దు. ట్యాగుల విషయంలో ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. పేరులో పెట్టకూడదనుకున్న మాటలను దొడ్డిదారిన అక్కడ పెట్టకుండా ఉంటే చాలు.

ముఖచిత్రం

యూట్యూబ్ తనంతట తానే వీడియోలోంచి మూడు ఫ్రేములు తీసి చూపిస్తుంది. వాటిలో ఏడుస్తున్న ముఖం ఉండే అవకాశం ఉంది. వాటిని వదిలేసి సొంత బొమ్మ పెట్టండి. ఆమె కాయలు కోస్తున్నప్పుడో, లెక్క రాసుకుంటున్నప్పుడో తీసినది, ఆమె ఒప్పుకున్నది. 17:20 నుంచి 19:05 మధ్య ఉన్న ఏ ఫ్రేమూ బయటికి రాకూడదు. ఎర్ర వలయాలు, బాణాలు, పూలదండ వేసిన ఫోటో వద్దు.

చిత్రం లోపలి గమనిక, అధ్యాయాలు

వివరణలో రాసిన గమనిక కాలేజీ హాలులో కూర్చున్నవాళ్లకు కనిపించదు. వాట్సాప్‌లో ఫైలు అందుకున్నవాళ్లకూ కనిపించదు. అందుకే అదే విషయాన్ని చిత్రం మొదట్లో ఏడెనిమిది సెకన్లు తెర మీద ఉంచండి. దాన్ని ఒక గొంతు చదివి వినిపించాలి. మీ ప్రేక్షకుల్లో చదవడం రానివాళ్లు ఉంటారు, చిత్రంలో ఉన్నవాళ్ల బంధువులు ముందుగా ఉంటారు. నల్ల తెర, ఉరుము లాంటి సంగీతం వద్దు, మామూలు గొంతు చాలు. సహాయ నంబరు మొదట్లోనూ, చివరి పేర్ల పట్టికకు ముందూ రావాలి. అప్‌లోడ్ చేసే రోజు ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి పనిచేస్తోందో లేదో చూసుకోండి.

అధ్యాయాలు నిజంగా ఉపయోగపడే ఏర్పాటు. వివరణలో సమయాలు రాస్తే ప్లేయర్ గీత మీద భాగాలుగా కనిపిస్తాయి, ఇష్టం లేని భాగాన్ని చూసేవాళ్లు దాటిపోవచ్చు. మొదటిది 0:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గకూడదు.

0:00 కౌలు మాట
9:40 విత్తనం, వడ్డీ
17:20 భర్త మరణం గురించి
19:05 మళ్లీ అదే పొలం
26:40 బాకీ అడిగిన రోజు
33:15 పంట లెక్క

బరువైన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అధ్యాయాల సరిహద్దులు సరిగ్గా అక్కడే పడాలి. అయిదు సెకన్లు అటూ ఇటూ అయినా, దాటవేసిన మనిషి వాక్యం మధ్యలో పడతారు. ఆటోమేటిక్ అధ్యాయాలను ఆపేయండి, అవి పెట్టే పేర్లు మీ చేతిలో ఉండవు.

ఆమెకు చదివి వినిపించండి

ప్రచురించే ముందు పేరు, పరిచయం, గమనిక మూడూ ఫోనులో ఆమెకు చదివి వినిపించండి, ముఖచిత్రం పంపండి. చిత్రానికి ఇచ్చిన అంగీకారం ఈ వాక్యాలకు కూడా వర్తిస్తుందని అనుకోవడం సరికాదు. "బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు. దానికి బదులు, "మీ పాప బడిలో ఎవరైనా దీన్ని చదివితే ఏ మాట ఇబ్బంది అవుతుంది?" అని అడగండి. "భూమి ఇచ్చిన ఆసామి చదివితే?" అని కూడా అడగండి. కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. వచ్చే ఏడాది పొలం ఇవ్వకపోయే పరిస్థితి మీ వివరణ వల్ల రాకూడదు. ఆమె ఏదైనా మాట వద్దంటే, ఎందుకని అడగకుండా తీసేయండి.

పెట్టిన తర్వాత

మొదటి వారం వ్యాఖ్యలు చదివితే మీ వాక్యాలు ఎలా పనిచేశాయో తెలుస్తుంది. "పాపం, ఖాతా నంబరు ఇవ్వండి" అనేవే వరుసగా వస్తుంటే పరిచయంలో ఎక్కడో జాలి ఒలికిందని అర్థం, వెనక్కి వెళ్లి విశేషణాలు వెతకండి. కార్డు గురించి, సంతకం గురించి, తమ ఊళ్లో కౌలు గురించి మాట్లాడుతుంటే సరిగ్గానే పడింది. "ముందే చెప్పి ఉంటే చూసేవాళ్లం కాదు" అని ఒక్కరు రాసినా గమనికను ఇంకా పైకి జరపండి. ఎవరైనా ఊరి పేరు, పిల్ల పేరు వ్యాఖ్యల్లో రాస్తే వెంటనే తొలగించండి. యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఎక్కడి దాకా చూశారో చూపే గీతలో 17:20 దగ్గర లోయ, 19:05 దగ్గర మళ్లీ ఎత్తు కనిపిస్తే కంగారు పడకండి. జనం అధ్యాయాన్ని దాటి మళ్లీ చిత్రంలోకి వచ్చారు. గీత 17:20 దగ్గర పడిపోయి మళ్లీ లేవకపోతే మాత్రం 19:05 గుర్తు సరిగ్గా ఉందో లేదో పరిశీలించండి.

మీరు పెట్టకపోయినా యూట్యూబ్ తానే 18 ఏళ్ల పరిమితి విధించవచ్చు. అప్పుడు స్టూడియోలో వీడియో పక్కన Restrictions కింద అది కనిపిస్తుంది, అక్కడి నుంచే అప్పీలు చేసుకోవచ్చు. అవకాశం ఒక్కసారే. కాబట్టి కోపంతో వెంటనే నొక్కేయకండి. ముందు పేరు, ముఖచిత్రం, సబ్‌టైటిళ్లు మళ్లీ చూసి, మందు పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతకండి. మొదట్లో వేసుకున్న సమయాల పట్టికను తీసి, బరువైన భాగం ఏ నిమిషంలో ఉందో, అందులో ఏం చూపలేదో, గమనిక ఎక్కడ ఉందో రెండు మూడు వాక్యాల్లో రాసి పంపండి.